మొత్తం వందకు వచ్చింది సరే, పని మొత్తం వచ్చిందా?

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టేవాళ్లకు గడువు వేరే ఎవరూ పెట్టక్కర్లేదు. కొత్త కాయ యార్డుకు జోరుగా వచ్చే వేళకి గదులు చల్లబడి ఉండాలి, అంతే. ఆ నెలల్లో తలుపులు తెరవలేకపోతే మిర్చి బస్తాలు, అంటే టిక్కీలన్నీ పక్క స్టోరేజీకి పోతాయి, కొత్త భవనం ఏడాదంతా అప్పుకు వడ్డీ కట్టుకుంటూ ఖాళీగా నిలబడుతుంది. ఇలాంటి ప్రాజెక్టులు ఆలస్యం కావడానికి పనులు నెమ్మదిగా సాగడం ఒక కారణమైతే, అసలు లెక్కలోకే రాని పనులు చివర్లో బయటపడటం ఇంకో కారణం. మొదటిదాన్ని షెడ్యూల్‌లో పట్టుకోవచ్చు. రెండోది షెడ్యూల్‌లో దొరకదు, ఎందుకంటే అది అక్కడ లేనే లేదు.

దాన్ని పట్టుకోవడానికే వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్, అంటే డబ్ల్యూబీఎస్: మొత్తం ప్రాజెక్టును చెట్టు కొమ్మల్లా చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి రాసుకునే జాబితా. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి పనుల్లో పెర్ట్ అనే షెడ్యూలు వేసే పద్ధతి మొదలుపెట్టింది. 1962లో అక్కడి రక్షణ శాఖ, నాసా కలిసి ఖర్చును కూడా పెర్ట్‌కు జతచేస్తూ ఇచ్చిన మార్గదర్శకంలో ఈ విభజన పద్ధతిని వివరించాయి. 1968లో అదే రక్షణ శాఖ MIL-STD-881 పేరుతో దాన్ని ప్రమాణంగా తెచ్చింది. అప్పటినుంచీ అందులోని మూలసూత్రం ఒకటే: చెట్టు కొమ్మల్లో ఉండాల్సింది తయారయ్యే వస్తువులు, ఫలితాలు. ఏ శాఖ చేస్తుంది, ఏ నెలలో చేస్తుంది అన్నది ఈ చెట్టు పని కాదు.

నూరు శాతం నియమం ఈ చెట్టుకు కాపలా. ఒక కొమ్మను కొన్ని భాగాలుగా విడగొడితే, ఆ భాగాలన్నీ కలిపి ఆ కొమ్మలోని పనికి సరిగ్గా సమానం కావాలి. తగ్గకూడదు, పెరగకూడదు, ఒకే పని రెండు చోట్ల ఉండకూడదు. పైనుంచి కింద వరకు ప్రతి విభజనకూ ఇదే నియమం. ప్రాజెక్టును నడిపించే పని కూడా అందులో ఉండాలి. చదివితే ఇందులో కష్టమేమీ కనిపించదు. చిక్కంతా దీన్ని ఎలా సరిచూస్తారన్న దగ్గర వస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. నాలుగు గదుల అమ్మోనియా కోల్డ్ స్టోరేజీ. యజమాని నలుగురి దగ్గర కొటేషన్లు తీసుకుని ఎక్సెల్ షీట్‌లో వేశాడు: సివిల్ 1.50 కోట్లు, ఇన్సులేషన్ 80 లక్షలు, రిఫ్రిజరేషన్ 1.10 కోట్లు, ఎలక్ట్రికల్ 60 లక్షలు. మొత్తం 4 కోట్లు. ఇవి లెక్క తేలిగ్గా ఉండటానికి వేసుకున్న అంకెలు, మార్కెట్ రేట్లు కావు. పక్క కాలమ్‌లో శాతాలు పడ్డాయి: 37.5, 20, 27.5, 15. కూడితే వంద. నూరు శాతం నియమం పాటించినట్టే అని షీట్ మూసేశారు.

ఆ వంద దేన్నీ రుజువు చేయదు. ప్రతి అంశాన్నీ మొత్తంతో భాగించారు; ఆ మొత్తమేమో ఆ నాలుగు అంశాలనే కూడగా వచ్చింది. అలాంటప్పుడు షీట్‌లో నాలుగు వరుసలున్నా, అందులో ఒకటి తీసేసి మూడే ఉంచినా శాతాల మొత్తం వందే వస్తుంది. మర్చిపోయిన పని తనకు తానుగా మొత్తంలో కనిపించదు. నియమం అడిగేది అంకెల గురించి కాదు, పని గురించి. కాబట్టి సరిచూడటానికి షీట్ బయట ఉన్న ఏదో ఒక ఆధారం కావాలి: డ్రాయింగు, ఒప్పందం, చివర్లో అప్పగింతప్పుడు జరిగే పరీక్షల జాబితా లాంటిది.

ఈ కేసులో అన్నిటికంటే ఉపయోగపడే ఆధారం యజమాని టేబుల్ మీదే ఉంది. ప్రతి కొటేషన్ చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, మా పరిధిలోకి రానివి అంటూ ఒక జాబితా ఉంటుంది. ధర చూసి సంతకం పెట్టే తొందరలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. నాలుగు కొటేషన్ల చివరి పేజీలనూ పక్కపక్కన పరిచి చూస్తే సంగతి బయటపడుతుంది. రిఫ్రిజరేషన్ వాళ్లు యంత్రాలు, పైపులు, బిగింపు తమదన్నారు. సిస్టంలో మొదటిసారి నింపే అమ్మోనియా, కంప్రెసర్ ఆయిల్, ట్రయల్‌కు కావాల్సిన కరెంటు, నీళ్లు కొనుగోలుదారు ఇవ్వాలన్నారు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ మెయిన్ ప్యానెల్ నుంచి లోపలికి మాత్రమే తనదన్నాడు. రోడ్డు మీది హెచ్‌టీ, అంటే హైటెన్షన్ కరెంటు లైను నుంచి ప్యానెల్ వరకు, ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా, ఎవరి లెక్కలోనూ లేదు. గుంటూరు విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ పరిధిలోకి వస్తుంది. ఎస్టిమేట్ వేయించుకోవడం, డబ్బు కట్టడం, పని చేయించుకోవడం, తనిఖీ పూర్తిచేయించుకోవడం అన్నీ కలిపి అదొక చిన్న ప్రాజెక్టంత ఉంటుంది. లోపల టిక్కీలు పేర్చే ర్యాకులను సివిల్ వాళ్లు స్ట్రక్చర్ కాదన్నారు, ఇన్సులేషన్ వాళ్లు అసలు ప్రస్తావించలేదు.

ఇంకొకటి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆగి చూడాల్సింది. అమ్మోనియా పైపులు, కేబుళ్లు గది గోడలోకి వెళ్లాలంటే ఇన్సులేషన్ ప్యానెల్‌కు రంధ్రాలు పెట్టాలి. ఇన్సులేషన్ కొటేషన్‌లో, ఇతరులు పెట్టే రంధ్రాలకు మా బాధ్యత లేదని ఉంది. రిఫ్రిజరేషన్ కొటేషన్‌లో, ప్యానెల్ పని మాది కాదని ఉంది. రెండూ న్యాయమైన మాటలే. కానీ పైపు చుట్టూ ఉన్న ఆ సందును ఫోమ్‌తో నింపి, బయటివైపు ఆవిరి లోపలికి పోకుండా సీల్ చేసే పని ఇద్దరి మధ్యా నేల మీద పడిపోయింది. గుంటూరు గాలిలో తేమకు కొదవ లేదు. ఆ సందులోంచి తేమ చల్లటి వైపుకు పోయి అక్కడ నీరవుతుంది, ఇన్సులేషన్ తడిసి పనితనం పోగొట్టుకుంటుంది, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది. నీటి చుక్కలు టిక్కీల మీద పడితే కాయకు బూజు పడుతుంది. రైతు గానీ వ్యాపారి గానీ సరుకు బయటికి తీసే రోజు దాకా ఆ సంగతి తెలియకపోవచ్చు.

చివరి పేజీల్లో తేలినవి, ఎవరూ రాయనివి కలిపితే మన ఉదాహరణలో లెక్క ఇలా తేలిందనుకుందాం: హెచ్‌టీ లైను, ట్రాన్స్‌ఫార్మర్ 22 లక్షలు, ర్యాకులు 18, మొదటి అమ్మోనియా, ఆయిల్ 6, అనుమతులు 3, రంధ్రాల సీలింగ్ 2, ట్రయల్ రన్, ఆపరేటర్ల శిక్షణ 3, ప్రాజెక్టు నిర్వహణ 6. మొత్తం 60 లక్షలు. అసలు ప్రాజెక్టు 4 కోట్లది కాదు, 4.60 కోట్లది.

ఇది ముందే తెలియకపోతే ఏమవుతుందో చూడండి. 3.20 కోట్ల పని పూర్తయిన రోజు, పాత షీట్ ప్రకారం 80 శాతం అయినట్టు. బ్యాంకుకూ అదే రిపోర్టు వెళ్తుంది. మర్చిపోయినవన్నీ బయటపడ్డాక అదే పని, అదే రోజు, 4.60 కోట్ల మీద లెక్కేస్తే 69.6 శాతం. సైటులో ఎవరూ ఏదీ పగలగొట్టలేదు, అయినా పురోగతి పది శాతం పైగా వెనక్కి నడిచింది. బ్యాంకు మేనేజరుకు ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఉండే టెన్షన్ వేరు. పూర్తయిన శాతం ఎప్పుడైనా ఇలా వెనక్కి తగ్గితే, పని చేసేవాళ్లను నిందించే ముందు చెట్టును చూడాలి.

ఈ లెక్కలో మరో సంగతి ఉంది. సీలింగ్ విలువ 2 లక్షలు, అంటే మొత్తంలో అర శాతం కూడా కాదు. డబ్బు బరువును బట్టి చూస్తే దాన్ని వదిలేసినా నియమం దాదాపు నిలబడినట్టే అనిపిస్తుంది. కానీ నియమంలో దాదాపు అన్నది లేదు. బరువులు పురోగతిని కొలవడానికి పనికొస్తాయి, ఏది ఉండాలో ఏది లేకపోయినా పర్లేదో తేల్చడానికి కాదు.

ఇక చెట్టును తిరగరాయాలి. మొదటి షీట్‌లోని అసలు లోపం, దాన్ని కాంట్రాక్టర్లను బట్టి విడగొట్టడం. అలా చేస్తే ప్రతివాడి పరిధి పూర్తిగా వస్తుంది, పరిధుల మధ్య ఖాళీలు మాత్రం రావు. చివరికి చేతికి అందాల్సినదాన్ని బట్టి విడగొడితే ఇలా ఉంటుంది:

```
1    మిర్చి కోల్డ్ స్టోరేజీ
1.1  భవనం, ఆవరణ
1.2  చల్లటి గదులు
     1.2.1  నేల ఇన్సులేషన్
     1.2.2  గోడ, పైకప్పు ప్యానెళ్లు
     1.2.3  తలుపులు
     1.2.4  పైపులు, కేబుళ్లు దాటే చోట్ల సీలింగ్
     1.2.5  ర్యాకులు
1.3  అమ్మోనియా శీతలీకరణ
1.4  విద్యుత్ సరఫరా, వైరింగ్
1.5  అగ్నిమాపక, గ్యాస్ లీకు భద్రత
1.6  అనుమతులు
1.7  ట్రయల్ రన్, అప్పగింత
1.8  ప్రాజెక్టు నిర్వహణ
```

ఇప్పుడు 1.2 దగ్గర నియమాన్ని పెట్టి చూడాలి. అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఈ ఐదూ పూర్తయితే, ఇంకేమీ చేయకుండా, చల్లటి గదులు సిద్ధమని సంతకం పెట్టగలమా? ఈ ఐదింటిలో ఏదైనా చల్లటి గదులకు అవసరం లేనిది ఉందా? మొదటి ప్రశ్న తక్కువను పట్టుకుంటుంది, రెండోది ఎక్కువను. డ్రాయింగు ముందు పెట్టుకుని, తలుపు దగ్గర మొదలుపెట్టి గది చుట్టూ వేలు పెట్టి నడిపితే, గదిలో లైట్లు ఎక్కడ అనే సందేహం వస్తుంది. అవి 1.4లో ఉన్నాయి. ఉష్ణోగ్రత సెన్సర్లు? 1.3లో. కూలింగ్ కాయిల్ కింద కారే నీటి డ్రెయిన్ పైపు? అది ఎక్కడా లేదు. దాన్ని 1.3 కింద రాయాలి. ఇలా వేలు పెట్టి నడిపినప్పుడు దొరికేవి కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే దొరకవు. యజమాని, సైటు ఇంజనీరు, మెషీన్ రూములో పనిచేయబోయే ఆపరేటరు ముగ్గురూ పక్కన ఉంటే మరీ మంచిది. డ్రెయిన్ గురించి ముందు అడిగేది సాధారణంగా ఆపరేటరే.

లైట్లు 1.4లోనే ఎందుకు, 1.2లో ఎందుకు కాదు అంటే, ఎక్కడైనా పెట్టొచ్చు. ఒక్కచోటే పెట్టడం ముఖ్యం, అది ఎక్కడో రాసి ఉండటం ముఖ్యం. అందుకే ప్రతి సంఖ్యకూ ఒక చిన్న వివరణ కార్డు ఉండాలి. దీన్ని డబ్ల్యూబీఎస్ డిక్షనరీ అంటారు. 1.2.4 కార్డులో ఇలా ఉండొచ్చు: నాలుగు గదుల్లో పైపు, కేబుల్ దాటే ప్రతి రంధ్రానికీ ఫోమ్ నింపడం, బయటివైపు ఆవిరి అడ్డుపొర అతికించడం, పైన రేకు కవరు వేయడం. రంధ్రం కోయడం ఇందులోకి రాదు, అది 1.3, 1.4లలో ఉంది. పూర్తయినట్టు గుర్తు ఏమిటంటే, ట్రయల్ రన్‌కు ముందు ప్రతి రంధ్రాన్నీ చూసి టిక్కు పెట్టిన జాబితా. చెట్టులో నాలుగు మాటల పేరు మాత్రమే ఉంటుంది. గొడవలు వచ్చేది ఆ పేరుకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకున్నప్పుడు. కాబట్టి డిక్షనరీ లేని చెట్టుకు నూరు శాతం నియమం పెట్టి చూడటం కుదరదు. ఏది లోపల ఉందో తెలియకుండా పూర్తిగా ఉందో లేదో ఎలా తేలుస్తారు?

తక్కువ గురించి అందరూ జాగ్రత్త పడతారు, రెండుసార్లు లెక్కకు రావడం గురించి అంతగా పట్టించుకోరు. డబ్బు కొంచెం ఎక్కువ పెట్టుకున్నాం, పోనీలే అనుకుంటారు. నేల ఇన్సులేషన్ సంగతి చూడండి. పైన కాంక్రీటు పోసేది సివిల్ వాళ్లు కాబట్టి వాళ్ల కొటేషన్‌లో ఇన్సులేషన్‌తో సహా నేల అని ఉంది. ఇన్సులేషన్ వాళ్ల కొటేషన్‌లోనూ నేల ఉంది. రెండు బిల్లులు వస్తాయేమో అనుకుంటాం గానీ, తరచుగా జరిగేది వేరు. ఇద్దరూ ఎదుటివాడు వేస్తాడనుకుంటారు, కాంక్రీటు లారీ వచ్చే రోజు పొద్దున ఇన్సులేషన్ షీట్లు సైటులో ఉండవు. రెండు చోట్ల ఉన్న పని ఒక్కోసారి ఒక్కచోటా జరగదు.

ఇదే పొరపాటు ఇంకో దారిలోనూ వస్తుంది. చల్లటి గదులను ఒకటో గది, రెండో గది అని విడగొట్టొచ్చు. లేదా నేల, గోడలు, తలుపులు అని విడగొట్టొచ్చు. రెండూ సరైనవే. ఒకే మెట్టులో రెండూ కలిపితేనే ముప్పు: ఒకటో గది, రెండో గది, మూడో గది, నాలుగో గది, ఆ పక్కనే తలుపులు. ఇప్పుడు ఒకటో గది తలుపు ఎక్కడుంది? ఒక మెట్టులో ఒకే కొలమానంతో కోయాలి. కింది మెట్టులో కావాలంటే మార్చుకోవచ్చు.

వంద కంటే ఎక్కువ కావడానికి ఇంకో దారి యజమాని ఉత్సాహం. ఎలాగూ సిమెంటు మిల్లర్ సైటులో ఉంది కదా, గేటు నుంచి మెయిన్ రోడ్డు వరకు కూడా వేసేద్దాం అంటాడు. సైటు సూపర్‌వైజరు కాదనలేడు. ఆ కాంక్రీటు ఖర్చు 1.1 కింద చేరిపోతుంది. ఒప్పందంలో లేని పని చెట్టులో లేదు, కానీ దాని కూలీ, సిమెంటు చెట్టులోకి దూరాయి. రెండు నెలలకు 1.1 ఎందుకు బడ్జెట్ దాటిందో ఎవరికీ అర్థం కాదు.

మర్చిపోయినవాటికి, అనుకోనివాటికి విరుగుడుగా చాలామంది ఇతరాలు అని ఒక కొమ్మ పెట్టి పది లక్షలు రాస్తారు. అది పెట్టాక దేన్ని మర్చిపోయినా నియమం తప్పినట్టు కనిపించదు, ఎందుకంటే మర్చిపోయినవన్నీ ఇతరాల్లో ఉన్నట్టే. నియమాన్ని నిద్రపుచ్చడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు. అనుకోని ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకోవడం తప్పు కాదు, పెట్టుకోవాలి కూడా. కానీ ఆ నిధి బడ్జెట్‌లో ఉంటుంది, చెట్టులో కాదు. చెట్టులో ఉండేది పని. ఏ పనో తెలియనిదాన్ని ఎవరికి అప్పగిస్తారు, పూర్తయిందని ఎలా చెప్తారు? ఇదే కారణంగా కాంక్రీటు క్యూరింగ్ కోసం వేచి ఉండే రోజులు కూడా చెట్టులోకి రావు. అవి షెడ్యూల్‌కు చెందినవి. నీళ్లు పెట్టే పని మాత్రం నేల కాంక్రీటు కార్డులో ఉంటుంది.

ఎంత లోతు వరకు విడగొట్టాలన్నది అందరూ అడిగే ప్రశ్న. చివరి ముక్క 8 నుంచి 80 గంటల పని ఉండాలని ఒక పాత లెక్క ఉంది. ఆఫీసు పనులకు అది సరిపోవచ్చు, కట్టడాలకు అంతగా అతకదు. ఒకరికి అప్పగించగలిగేలా, ఖర్చు అంచనా వేయగలిగేలా, రెండు రిపోర్టుల మధ్య కదలిక కనిపించేలా ఉంటే చాలు. అన్ని కొమ్మలూ ఒకే లోతుకు వెళ్లక్కర్లేదు. 1.3 నాలుగు మెట్లు దిగొచ్చు, 1.6 రెండింటితో ఆగిపోవచ్చు.

నూరు శాతం అంటే మొదటిరోజే అన్నీ తెలిసి ఉండాలని కొందరు భయపడతారు. అక్కర్లేదు. ఏపీసీపీడీసీఎల్ ఎస్టిమేట్ రాకముందు హెచ్‌టీ లైను పనిని వివరంగా విడగొట్టలేం. కొత్త స్తంభాలు ఎన్ని కావాలో తెలియదు. అప్పుడు 1.4 కింద హెచ్‌టీ లైను అనే ఒక్క ముక్కను విడగొట్టకుండా అలాగే ఉంచి, అంచనా మొత్తం దానిమీద రాసి, ఎస్టిమేట్ వచ్చాక విడగొట్టాలి. నియమం దీనికి అడ్డు చెప్పదు. అడ్డు చెప్పేది సగం విడగొట్టడానికి. తెలిసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక్కదాన్ని కింద రాసి, మిగతాది తర్వాత చూద్దాం అని వదిలేస్తే, ఆ కొమ్మ పేరు చెప్పేది ఒకటి, దాని కింద ఉన్నది ఒకటి. ఒక కొమ్మకు ఒకే ఒక్క పిల్లకొమ్మ కనిపించిందంటే, చాలాసార్లు మిగతా పిల్లకొమ్మలను రాయకుండా ఆపేశారనే అర్థం.

చెట్టు సరిగా లేదని పని నడుస్తుండగా ఎలా తెలుస్తుంది? అకౌంటెంట్ దగ్గరే ముందు తెలుస్తుంది. విజయవాడ ఆటోనగర్ నుంచి ఏదో బ్రాకెట్ చేయించుకొచ్చిన బిల్లు ఆయన చేతికి వస్తుంది, దాన్ని ఏ సంఖ్య కింద రాయాలో అర్థం కాదు. ఫోను చేసి అడిగితే సూపర్‌వైజరు, ఏదో ఒకదాంట్లో వేసేయండి అంటాడు. ఆ మాట వినపడిన ప్రతిసారీ రెండింటిలో ఒకటి జరిగి ఉంటుంది: ఆ పని చెట్టులో లేకపోవడం, లేదా రెండు చోట్ల ఉండటం. అలాంటి బిల్లులకు ఒక ఫైలు విడిగా పెట్టి వారానికోసారి తీసి చూస్తే, లోపాలు ట్రయల్ రన్ దాకా ఆగకుండా ముందే దొరుకుతాయి. ఇంకో గుర్తు, ఏదైనా కొమ్మ 90 శాతం దగ్గర వారాల తరబడి కదలకుండా నిలిచిపోవడం. మిగిలిన పది శాతంలో ఏముందని అడిగితే వచ్చే జవాబులో చెట్టులో లేని పేర్లు వినిపిస్తే, కొలిచిన 90 తప్పు.

లోపం దొరికాక దాన్ని సరిదిద్దడం రెండు రకాలు, వాటిని కలపకూడదు. కాయిల్ డ్రెయిన్ లాంటిది ముందునుంచీ ఒప్పుకున్న పరిధిలో ఉన్నదే, రాయడం మర్చిపోయాం. దాన్ని 1.3లో చేర్చి, ఖర్చును పక్కన పెట్టిన నిధి నుంచి ఇచ్చి, శాతాలు మళ్లీ వేయాలి. మధ్యలో యజమాని ఆవరణలో వేబ్రిడ్జి కావాలంటే అది వేరు. ఇక్కడ పెరిగింది పరిధే, అంటే వంద అని దేన్ని అంటున్నామో అదే మారింది. ముందు ఆ మార్పును యజమాని సంతకంతో ఆమోదించి, డబ్బు, గడువు ఎంత పెరుగుతాయో రాసి, ఆ తర్వాతే 1.9 అని కొత్త సంఖ్య ఇవ్వాలి. పాత రిపోర్టుల్లోని శాతాలను వెనక్కి వెళ్లి దిద్దకూడదు. ఏ తేదీ నుంచి మొత్తం మారిందో కొత్త రిపోర్టు పైన ఒక వాక్యం రాస్తే, బ్యాంకు వాళ్లకు తగ్గిన శాతం ఎందుకు తగ్గిందో అక్కడే కనిపిస్తుంది.